క్యాను కడిగేది ఎవరు?

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఒక రకం ఫోన్లు మొదలయ్యేవి. "ట్రైనింగ్ పద్దులో డబ్బులు మిగిలిపోయాయండీ. మార్చి ముప్పై ఒకటిలోపు ఖర్చు పెట్టెయ్యాలి. ఏదో ఒక ప్రోగ్రాం రాసివ్వండి" అని. ఏ ప్రోగ్రాం అని అడిగితే అవతల కాసేపు మౌనం. తర్వాత "పోయినేడు పెట్టిందే పెడదాం లెండి" అనేవారు. పోయినేడు పెట్టింది ఏమిటో నాకు తెలుసు. ఏసీ హాలు, తలా ఒక బ్యాగు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్లు పట్టుకుని గ్రూపు ఫొటో.

శిక్షణకు డబ్బు కేటాయించడంలో తప్పేమీ లేదు. ప్రతి శాఖా తన జీతాల బడ్జెట్‌లో కనీసం 2.5 శాతం శిక్షణకు పక్కన పెట్టాలని కేంద్ర ప్రభుత్వపు 2012 జాతీయ శిక్షణ విధానం చెప్పింది. ఆ పనికి ఏ సామర్థ్యం కావాలో చూసి, దాన్ని బట్టి శిక్షణ ఇవ్వాలని కూడా అదే విధానం చెప్పింది. మనవాళ్లకు మొదటి మాట గుర్తుంటుంది. రెండో మాట కాగితం మీద రాయాల్సి వచ్చినప్పుడు పుట్టేదే శిక్షణ అవసరాల నివేదిక.

ఈ నివేదికలో నిజంగా ఉండాల్సింది ఒక గొలుసు. ఎక్కడ ఎంత నష్టం జరుగుతోంది, ఆ నష్టం ఎవరు ఏ పని సరిగ్గా చేయకపోవడం వల్ల వస్తోంది, ఆ పని వాళ్లకు రాదా లేక వచ్చీ చేయడం లేదా, రాకపోతే నేర్పడానికి ఎంతవుతుంది, నేర్పాక ఏ అంకె ఎప్పటికి ఎంత తగ్గాలి. ఇందులో ఒక్క లంకె తెగినా మిగిలేది ఖర్చు కాగితమే. నేను చూసినవాటిలో ఎక్కువ నివేదికలు మూడో లంకె దగ్గర తెగుతాయి. ఎలా తెగుతాయో ఒక పాల శీతలీకరణ కేంద్రం కథ చెబుతాను. నేను చూసిన రెండు మూడు కేంద్రాల సంగతులు కలిపి ఒకే కేంద్రంగా చెబుతున్నాను. లెక్క తేలిగ్గా అందడానికి అంకెలు గుండ్రం చేశాను.

ఆ చిల్లింగ్ సెంటరుకు నలభై ఊళ్ల నుంచి పాలు వస్తాయి. రోజుకు సుమారు 12,000 లీటర్లు, ఎక్కువగా గేదె పాలు. మూడు వ్యాన్లు మూడు రూట్లలో తిరిగి క్యాన్లు తెస్తాయి. డాక్ మీద ప్రతి క్యాను మూత తీసి వాసన చూస్తారు. అనుమానం వస్తే పరీక్ష నాళికలో 5 మిల్లీలీటర్ల పాలు పోసి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచుతారు. తరకలు కట్టిందా, ఆ క్యాను పక్కకు పోవాల్సిందే. ఎండలు ముదిరిన మార్చి నుంచి ఆగస్టు వరకు సగటున నెలకు 5,400 లీటర్లు ఇలా పక్కకు పోయాయి. విరిగిన పాలకు వచ్చే కాసింత ధర తీసేస్తే లీటరుకు 35 రూపాయల నష్టం. అంటే నెలకు 1,89,000 రూపాయలు.

మేనేజరుగారు నన్ను పిలిచేసరికే మందు రాసి పెట్టుకున్నారు. నలభై మంది పాల కేంద్రం సెక్రటరీలకు పట్నంలో రెండు రోజుల శిక్షణ, 'పరిశుభ్ర పాల ఉత్పత్తి' అనే అంశం మీద. మనిషికి రోజుకు భోజనం, బస, ప్రయాణం 1,500 చొప్పున 1,20,000. బ్యాగులకు 20,000. వచ్చి చెప్పేవాళ్లకు 30,000. మొత్తం 1,70,000. "మీరు పై ఆఫీసుకి నచ్చేట్టు నివేదిక రాస్తే చాలు సార్" అన్నారు. నష్టం నిజమే, ఖర్చు లెక్కా సరిగ్గానే ఉంది. మధ్యలో ఉండాల్సినదే లేదు. పాలు ఎందుకు విరుగుతున్నాయో ఎవరూ చూడలేదు.

చూడటానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ముందు డాక్ రిజిస్టరు తెరిచి, విరిగిన క్యాన్లను రూటు వారీగా విడదీశాను. 5,400 లీటర్లలో 3,000 లీటర్లు ఒక్క మూడో రూటువే. ఆ రూటులో పదహారు ఊళ్లు. మిగతా రెండు రూట్లలో ఇరవై నాలుగు ఊళ్లుంటే, అందులో పన్నెండు ఊళ్ల నుంచే మిగిలిన 2,400 లీటర్లూ వస్తున్నాయి. మిగతా పన్నెండు ఊళ్లలో ఇబ్బందే లేదు. నలభై మందికీ ఒకే శిక్షణ అన్న మాట అక్కడే పక్కకు పోయింది.

మర్నాడు తెల్లవారుజామున మూడో రూటు వ్యాను ఎక్కాను. డ్రైవరు మంచివాడు, పనిమంతుడు. మొదటి ఊళ్లో ఆరున్నరకు క్యాన్లు ఎక్కించాం. చివరి ఊరు చేరేసరికి తొమ్మిదింబావు. చిల్లింగ్ సెంటరు గేటు దగ్గర పది. మొదటి ఊళ్లో గేదెను పిండింది ఐదున్నరకు అనుకుంటే, ఆ పాలు నాలుగున్నర గంటల పాటు చల్లబడకుండా ఉన్నాయి, అందులో మూడున్నర గంటలు ఎండలో, రేకు బాడీ వ్యానులోనే. అప్పుడే పితికిన పాలలో సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం సహజంగానే కొంత ఉంటుంది. మన ఎండల్లో అది రెండు మూడు గంటలు కాపు కాస్తుంది, ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. పాలు నాలుగు డిగ్రీలకు చల్లబడాల్సింది ఆ లోపే.

ఇది ఊహ కాదని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. డెయిరీ ల్యాబుల్లో పాతదే, మిథిలీన్ బ్లూ పరీక్ష. పది మిల్లీలీటర్ల పాలలో ఒక మిల్లీలీటరు నీలిరంగు ద్రావణం కలిపి 37 డిగ్రీల నీళ్లలో నిలబెడతారు. పాలలో సూక్ష్మజీవులు ఎంత ఎక్కువుంటే నీలం అంత త్వరగా పోయి పాలు తెల్లబడతాయి. ఐదు గంటలు దాటినా నీలం నిలిస్తే చాలా మంచి పాలు. అరగంటకే పోతే పనికిరావు. మూడో రూటులో ఊరి దగ్గర తీసి ఐసుపెట్టెలో తెచ్చిన నమూనాకు నాలుగు గంటలు పట్టింది. అవే పాలు డాక్ మీదికి వచ్చాక తీసిన నమూనా గంటకే తెల్లబడింది. ఊళ్లో మంచి పాలు దారిలో పాడయ్యాయి. ఇక ఆ పదహారు మంది సెక్రటరీలకు ఏం నేర్పుతాం? వ్యానును వేగంగా రమ్మని దణ్ణం పెట్టుకోవడమా?

ఆ 3,000 లీటర్లకు మందు రూటును రెండుగా చీల్చి ఇంకో చిన్న బండి పెట్టడం. అది రవాణా పద్దు. దానికి పై ఆఫీసు అనుమతి కావాలి, టెండరు కావాలి. శిక్షణైతే మేనేజరుగారి సంతకంతో అయిపోతుంది. సంస్థలు ప్రతి రోగానికీ శిక్షణే రాయడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. చేతికి అందే పద్దు అదొక్కటే.

తర్వాత ఆ పన్నెండు ఊళ్లు తిరిగాను. ఇక్కడ పాలు దారిలో కాదు, క్యానులోనే పాడవుతున్నాయి. రైతు తెచ్చిన గిన్నెలోంచి తీసిన నమూనా బాగానే ఉంది. అవే పాలు క్యానులో పోశాక తీస్తే నీలం చప్పున పోతోంది. ఒక ఊళ్లో పాలు పోయడం అయిపోయాక సెక్రటరీ లెక్క చూసుకుంటుంటే, వెనక కుళాయి దగ్గర వ్యాను తిరిగి తెచ్చిన ఖాళీ క్యాన్లు కడుగుతున్న ఒక పెద్దావిడ కనిపించింది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, రోజూ నువ్వేనా కడిగేది?"

"నేనే బాబూ. నాలుగేళ్ల బట్టీ నేనే."

"మొన్న ఏడాది క్యాన్లు కడగడం మీద పట్నంలో ట్రైనింగ్ పెట్టారటగా, నిన్ను పిలిచారా?"

"సెక్రటరీ బాబు ఎల్లొచ్చాడు. బ్యాగు తెచ్చుకున్నాడు" అని గోడకు తగిలించిన బ్యాగు చూపించింది. అందులో పాల చీటీ పుస్తకాలు ఉన్నాయి.

"ఏం నేర్చుకొచ్చాడో చెప్పాడా?"

"శుబ్బరంగా కడగమన్నాడు."

నా వృత్తిలో నేను విన్న అతి పొట్టి ట్రైనింగ్ రిపోర్టు అదే. నేర్చుకోవాల్సిన మనిషి కుళాయి దగ్గర ఉంటే, ఆహ్వానం రిజిస్టరులో పేరున్న మనిషికి వెళ్లింది. అవసరాల నివేదికలో 'ఎవరికి' అన్న గడిలో హోదా రాస్తే ఇలాగే అవుతుంది. ఆ పని చేసే చెయ్యి ఎవరిదో అక్కడ రాయాలి.

ఆమెను రోజూ కడిగినట్టే కడిగి చూపించమన్నాను. పొయ్యి మీద మరిగిన నీళ్లు నేరుగా క్యానులో పోసింది. మనకు శుభ్రం అంటే ఉడుకు నీళ్లే కదా. అసలు పొరపాటు అక్కడే ఉంది. పాల చారలు ఉన్న క్యానులో ముందే మరిగే నీళ్లు పడితే పాలలోని మాంసకృత్తులు ఉడికి లోపలి గోడకు అంటుకుంటాయి. రోజురోజుకూ ఆ పొర గట్టిపడి గరుకు తేలుతుంది. డెయిరీ వాళ్లు దాన్ని పాలరాయి అంటారు. సూక్ష్మజీవులు కాపురం పెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. సరైన క్రమం ఏమిటంటే, ఖాళీ అవగానే ముందు చన్నీళ్లతో తొలచాలి. తర్వాత వేడి నీళ్లలో వాషింగ్ సోడా కలిపి పొడుగు బ్రష్‌తో రుద్దాలి. మళ్లీ మంచినీళ్లు, చివర మరిగే నీళ్లు. ఆ పైన మూత పెట్టకుండా బోర్లించి ఆరబెట్టాలి. ఆవిడ చివరి మెట్టుతో మొదలుపెట్టి, తడి క్యానుకు మూత బిగించి గోడకు ఆనించింది. మూత లోపలి రబ్బరు రింగు ఎప్పుడూ ఊడదీయలేదట. తీసి కింద వేలితో రాసి వాసన చూశాను. పుల్లటి కంపు.

పన్నెండు ఊళ్లలోనూ ఇలాగే కడిగించి చూశాను. ఇదే నివేదికకు ప్రాణం. అమెరికాలో రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ అనే ఇద్దరు 1970లో పనితీరు సమస్యల మీద ఒక పుస్తకం రాశారు. అందులో వాళ్లు చెప్పిన పరీక్ష చాలా మొరటుగా, చాలా పదునుగా ఉంటుంది. ఆ మనిషి ప్రాణం మీదికి వస్తే ఆ పని చేయగలడా? చేయగలిగితే అతనికి పని వచ్చు. ఇక శిక్షణ ఇచ్చి లాభం లేదు, ఎందుకు చేయడం లేదో వెతకాలి. చేయలేకపోతే అప్పుడు నేర్పాలి.

పన్నెండింటిలో పది ఊళ్లలో పద్ధతి తెలియదు. రెండు ఊళ్లలో మాత్రం నేను చూస్తుండగా మెట్టు తప్పకుండా కడిగారు. మరి రోజూ అలా ఎందుకు కడగడం లేదంటే ఒకాయన నవ్వాడు. "గ్యాసు ఎవరిస్తారు సార్? సోడా వచ్చి నాలుగు నెలలైంది." ఆ రెండు ఊళ్ల వాటా నెలకు 400 లీటర్లు. వాళ్లకు కావాల్సింది గ్యాసు బండ, సోడా మూట. వాళ్లను తరగతిలో కూర్చోబెట్టి పరిశుభ్రత గురించి చెబితే అవమానించినట్టే.

(వెన్న శాతం పరీక్షలో కూడా ఇదే తేడా కనిపిస్తుంది. కొందరు టెస్టర్లు పాలు కలియబెట్టకుండా పైమీగడ నమూనా తీస్తారు, వెన్న ఎక్కువ చూపిస్తుంది. తెలియక చేసేవాడికి నేర్పొచ్చు. బావమరిది గిన్నె వచ్చినప్పుడే కలియబెట్టడం మరిచిపోయేవాడికి నేర్పాల్సింది ఏమీ లేదు, వాడికి అంతా వచ్చు.)

ఇలా చూసుకుంటూ పోతే 5,400లో శిక్షణ పరిధిలోకి వచ్చింది 2,000 లీటర్లు. ఆ మిగతాదాన్ని శిక్షణ తాకలేదు. మేనేజరుగారి మొహం కాస్త వాడింది. "మరీ ఇంత తక్కువా సార్?" అన్నారు. తక్కువే. కానీ ఈ తక్కువ నిజం.

ప్రతిపాదన కూడా దాని వెంటే చిన్నదైంది. పట్నం లేదు, హాలు లేదు. చిల్లింగ్ సెంటరు ల్యాబ్ అసిస్టెంటు ఒక్కో ఊరికి ఒక రోజు వెళ్లి, కడిగే మనిషి చేతే రెండు పూటలా కడిగించాలి. ఆమె సెలవు పెడితే కడిగే రెండో మనిషిని కూడా కూర్చోబెట్టాలి. పదిహేను రోజుల తర్వాత చెప్పకుండా మళ్లీ ఒకసారి వెళ్లి చూడాలి. అంటే పది ఊళ్లకు ఇరవై రోజులు. అసిస్టెంటు రోజుకు వెయ్యి చొప్పున 20,000. బండి ఖర్చు 8,000. నేర్చుకునే ఇరవై మందికి ఆ రోజు కూలి 400 చొప్పున 8,000. బ్రష్‌లు, కొత్త రబ్బరు రింగులు, గోడకు అతికించే బొమ్మల పటం ఊరికి 1,400 చొప్పున 14,000. ముందూ వెనకా చేసే పరీక్షలకు 10,000. అంతా కలిపి 60,000.

ఇందులో రెండు అంకెల మీద పేచీ వచ్చింది. ల్యాబ్ అసిస్టెంటు మన జీతగాడే కదా, అతని రోజులకు వెల ఎందుకు కట్టారని అడిగారు. అతను ఊళ్లో ఉన్న ఇరవై రోజులూ ల్యాబులో పని ఆగుతుంది కాబట్టి. చాలా నివేదికలు దీన్ని వదిలేసి ఖర్చు తక్కువగా చూపిస్తాయి. రెండోది కూలి. కడిగే ఆడవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వకపోతే వాళ్లు ఇంకో పనికి పోతారు. అప్పుడు మళ్లీ సెక్రటరీయే వచ్చి కూర్చుంటాడు.

ఇక ఫలితం. 2,000 లీటర్లూ ఆగిపోతాయని రాయడం చాలా తేలిక. 35 రూపాయలతో గుణిస్తే నెలకు 70,000 అని కాగితం మీద మెరిసిపోతుంది. నేను సగమే రాశాను, 1,000 లీటర్లు, నెలకు 35,000. కొందరు మరిచిపోతారు, కొన్ని క్యాన్లు సొట్టలు పడి ఎంత కడిగినా శుభ్రం కావు, కొంత విరగడానికి నాకు తెలియని కారణాలు ఉండి తీరతాయి. పైగా లాభాన్ని ఆరు నెలలకే లెక్కగట్టాను. ఈ పనిలో మనుషులు తొందరగా మారిపోతారు. వెళ్లిన మనిషితో పాటే నేర్పిన పనీ వెళ్లిపోతుంది. ఆరు నెలలకు 2,10,000 మిగులు, అందులో ఖర్చు 60,000 తీసేస్తే 1,50,000.

ఫలితం కొలవడంలోనే అసలు మోసాలు జరుగుతాయి. చేసేవాళ్లు మోసమని తెలిసి చేయరు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లో శిక్షణను నాలుగు మెట్లుగా కొలవాలని రాశాడు. వచ్చినవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, తిరిగి వెళ్లి పనిలో చేస్తున్నారా, దానివల్ల సంస్థకు ఏం ఒరిగింది అని. అరవై ఏళ్లు దాటినా మనం మొదటి మెట్టు మీదే కూర్చున్నాం. సాయంత్రం ఫారం పంచి 'చాలా బాగుంది' అని టిక్కులు పెట్టించుకుంటాం. భోజనం బాగుంటే శిక్షణ బాగున్నట్టే. ఈ కేంద్రంలో మూడో మెట్టుకు చెప్పకుండా వెళ్లి చూడటం ఉంది, నాలుగో మెట్టుకు డాక్ రిజిస్టరు ఉంది. ఫారాలు అచ్చు వేయించలేదు.

అయినా ఒక గండం మిగిలింది, చలికాలం. సెప్టెంబరు చివర శిక్షణ ఇచ్చి డిసెంబరు దాకా చూస్తే విరిగే పాలు తగ్గుతాయి. శిక్షణ ఇవ్వకపోయినా తగ్గుతాయి, వాతావరణం చల్లబడుతుంది కాబట్టి. ఆ తగ్గుదలంతా మన ఖాతాలో వేసుకుంటే అడిగేవాడు ఉండడు. అందుకని పది ఊళ్లనూ ఐదు, ఐదుగా చీట్లు వేసి విడదీశాం. మొదటి ఐదింటికి సెప్టెంబరులో, రెండో ఐదింటికి జనవరిలో నేర్పాలని.

అంతకు ముందు రెండు గుంపుల్లోనూ నెలకు 1,000 లీటర్ల చొప్పున విరిగేవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చూస్తే, నేర్పిన ఊళ్లలో అది నెలకు 300కు దిగింది. మేనేజరుగారు సంబరపడి 700 లీటర్లు తగ్గించామని పైకి రాయబోయారు. ఇంకా ఏమీ నేర్పని ఐదు ఊళ్లలో కూడా 700కు దిగిందని రిజిస్టరు తిప్పి చూపించాను. ఆ 300 చలి చేసిన పని. శిక్షణ చేసింది 400. ఐదు ఊళ్లకు 400 అంటే పదింటికి 800. నేను రాసిన 1,000 కంటే తక్కువే. నెలకు 28,000 రూపాయలు. పెట్టిన అరవై వేలు రావడానికి రెండు నెలల కొద్ది రోజులు పడుతుంది. నేను చెప్పినంత రాలేదని తుది నివేదికలో మొదటి పేజీలోనే రాశాం.

ఆ నివేదిక మొత్తం నాలుగు పేజీలు. మూడో రూటుకు రెండో బండి కావాలని, రెండు ఊళ్లకు గ్యాసు, సోడా పంపాలని అందులోనే 'శిక్షణతో పోనివి' అని విడిగా ఒక పేజీ ఉంది. చాలా నివేదికల్లో ఈ పేజీ ఉండదు. రాసేవాళ్లు తమ శాఖ కాదని వదిలేస్తారు. నా లెక్కలో ఆ పేజీ లేని నివేదిక మీద సంతకం పెట్టకూడదు. పై అధికారి కూడా ముందు అదే పేజీ అడగాలి.

సోడా, గ్యాసు వారంలో వచ్చాయి. బండి పదకొండు నెలలకు వచ్చింది.

ఏడాది తిరిగాక వేరే పని మీద అటు వెళ్తూ ఆ పది ఊళ్లలో ఆరింటి దగ్గర ఆగాను. రెండు చోట్ల కడిగే మనిషి మారింది. ఒక చోట పాతావిడ వెళ్లేముందు కొత్తమ్మాయికి దగ్గరుండి చూపించింది, క్యాన్లు ఎండలో బోర్లించి ఉన్నాయి. ఇంకో చోట గోడ మీద బొమ్మల పటం అలాగే ఉంది. దాని కింద కూర్చుని కొత్త కుర్రాడు క్యానులో ముందుగా ఉడుకు నీళ్లే పోస్తున్నాడు.